పారాబెన్ లేదట... మరి వాసన సంగతి?

నూజివీడు వైపు నుంచి ఇంజినీరింగ్ చదివే ఒక అమ్మాయి పంపిన మెసేజ్ ఇది. పేరు వద్దంది కాబట్టి రాయడం లేదు. "అక్కా, రెండేళ్లుగా 180 రూపాయల మాయిశ్చరైజర్ వాడేదాన్ని. అందులో పారాబెన్లు ఉన్నాయి, క్యాన్సర్ వస్తుందని ఒక రీల్‌లో చూసి చెత్తబుట్టలో పడేశా. పారాబెన్ ఫ్రీ, థాలేట్ ఫ్రీ, వంద శాతం నేచురల్ అని ఉన్నది 650 పెట్టి కొన్నా. మూడు వారాలకి మెడ మీద, చెవుల వెనక ఎర్రగా దద్దుర్లు, ఒకటే దురద. ఒంట్లో ఉన్న పాత కెమికల్స్ బయటికొస్తున్నాయి, ఆపకుండా రాయమని కస్టమర్ కేర్‌వాళ్లు చెప్పారు. నిజమేనా?"

కాదు. ఆ క్రీము రాయడం ఈరోజే ఆపేయమ్మా. ఒంట్లోని 'కెమికల్స్' చెవుల వెనక దద్దురుగా బయటికి రావు. మరి ఏం జరిగి ఉంటుందన్నది చెప్పాలంటే మీ ఊరి మామిడికాయ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

కాయ కోసేటప్పుడు ముచ్చిక విరిగితే సొన చిమ్ముతుంది కదా. అది కాయ మీద పడితే తొక్క నల్లబడి మచ్చ పడుతుంది, రేటు పడిపోతుంది. అందుకే ముచ్చికతో కోసి, తర్వాత దాన్ని తుంచి, కాయని బోర్లించి సొన కారనిస్తారు. అదే సొన మనిషి మీద పడినప్పుడు రెండు వేర్వేరు సంగతులు జరుగుతాయి. కంట్లోనో బుగ్గ మీదో పడితే అప్పటికప్పుడు భగ్గుమని మంట. ఇది ఎవరికైనా వస్తుంది, ఎక్కువ పడితే ఎక్కువ మంట. రెండోది వేరే రకం. అప్పుడేమీ ఉండదు, ఒకట్రెండు రోజులు గడిచాక దురద, పొక్కులు. అది అందరికీ రాదు. పక్కనే అదే చిక్కంతో, అదే చెట్టుకి కోసినవాడికి ఏమీ అవదు. వచ్చినవాడికి మాత్రం ఒక చుక్క తగిలినా వస్తుంది.

మొదటిది మంట, రెండోది అలర్జీ. సొనలో రిసార్సినాల్ జాతి పదార్థాలు ఉంటాయి. ఇవి జీడిపిక్క పెంకు నూనెలో, పూర్వం చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడిన నల్లజీడిలో ఉండేవాటికి చుట్టాలే. మామిడి, జీడిమామిడి, నల్లజీడి మూడూ ఒకే కుటుంబం చెట్లు మరి. చిన్న రసాన్ని ముచ్చిక దగ్గర కొరికి జుర్రేవాళ్లలో కొందరికి పెదాల చుట్టూ దద్దుర్లు వచ్చేది కూడా ఈ సొన వల్లే, రసం వల్ల కాదు. మొదటి నాలుగు చుక్కలూ పిండి పారబొయ్యమని నాయనమ్మలు చెప్పేది ఊరికే కాదు.

ఇంతకన్నా నేచురల్ వస్తువు ఉంటుందా? ఫ్యాక్టరీ లేదు, ల్యాబ్ లేదు, చెట్టు నుంచి నేరుగా వచ్చింది. అయినా చర్మానికి పడటం లేదు. కాబట్టి సీసా మీద 'నేచురల్' అన్న మాటని కాసేపు పక్కన పెట్టి, లోపల ఉన్నవాటిని ఒక్కొక్కటే చూద్దాం. పారాబెన్, థాలేట్, సువాసన. మూడింటినీ ఒకే గాటన కట్టి భయపెడుతున్నారు గానీ మూడింటి కథా వేరు.

పారాబెన్ అంటే క్రీము పాడవకుండా కలిపేది. క్రీములో ఎక్కువ భాగం నీళ్లు, మిగతాది నూనె. మే నెలలో నూజివీడులో ఒక గదిలో, మూత తీసి రోజూ వేలు పెట్టే డబ్బాలో, నీళ్లూ నూనే కలిసి ఉంటే అందులో బూజు, బ్యాక్టీరియా పెరగడానికి ఎన్ని రోజులు పడుతుంది? కూర బయట పెడితే సాయంత్రానికి ఏమవుతుందో తెలుసు కదా. పాడైన క్రీము కంటికి తగిలితే వచ్చేది ఊహాజనితమైన ప్రమాదం కాదు, అసలైన ఇన్ఫెక్షన్. దాన్ని ఆపడానికి మిథైల్‌పారాబెన్, ప్రొపైల్‌పారాబెన్ లాంటివి చాలా కొద్దిగా వేస్తారు. దగ్గు సిరప్పుల్లో కూడా ఇవి కనిపిస్తాయి.

మరి క్యాన్సర్ మాట ఎక్కడిది? 2004లో బ్రిటన్‌లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. 20 రొమ్ము కణితుల ముక్కల్లో పారాబెన్లు ఉన్నాయా అని చూశారు, ఉన్నాయి. అంతే. మామూలు రొమ్ము కణజాలంలో ఎంత ఉంటుందో పోల్చి చూడలేదు. పారాబెన్ వల్లే క్యాన్సర్ వచ్చిందని మేం ఎక్కడా చెప్పలేదని ఆ పరిశోధకులే తర్వాత రాశారు. కానీ అప్పటికే వార్త ఊరు దాటిపోయింది. ఇరవై ఏళ్లు దాటినా అది రీల్స్‌లో తిరుగుతూనే ఉంది, ఫాంట్ మారుతుందంతే.

ఆ భయానికి కొంచెం ఆధారం లేకపోలేదు. పారాబెన్లు ఒంట్లోని ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని చాలా బలహీనంగా అనుకరిస్తాయి. ఎంత బలహీనంగా? 1998లో ల్యాబ్‌లో చూసినప్పుడు, వాటిలో బలమైనదైన బ్యుటైల్‌పారాబెన్ కూడా మన సొంత ఈస్ట్రోజెన్‌ కన్నా సుమారు పదివేల రెట్లు తక్కువ. మిథైల్‌పారాబెన్ అంతకన్నా తక్కువ. పేరులో 'మిథైల్' నుంచి 'ఇథైల్', 'ప్రొపైల్', 'బ్యుటైల్' వైపు వెళ్తున్న కొద్దీ ఈ గుణం పెరుగుతుంది. అందుకే పారాబెన్లన్నింటినీ ఒకే పేరుతో తిట్టడం సరికాదు. యూరప్‌వాళ్లు చేసింది చూడండి. 2014లో ఐసోబ్యుటైల్, ఐసోప్రొపైల్ లాంటి అయిదు రకాల్ని నిషేధించారు, వాటి భద్రత తేల్చడానికి సరిపడా సమాచారం కంపెనీలు ఇవ్వలేదు కాబట్టి. ప్రొపైల్, బ్యుటైల్ రెండూ కలిపి 0.14 శాతం దాటకూడదన్నారు. పసిపిల్లలకి డయాపర్ కట్టేచోట కడగకుండా ఉంచేసే క్రీముల్లో ఈ రెండూ అసలే వద్దన్నారు. మిథైల్‌ని మాత్రం 0.4 శాతం దాకా ఉంచారు.

లెక్క వేసి చూద్దాం, భయం సైజు తెలుస్తుంది. మీరు రోజుకి 8 గ్రాముల బాడీ లోషన్ రాస్తారనుకోండి, అది ఒళ్లంతా రాసుకునే మోతాదు. అందులో 0.2 శాతం మిథైల్‌పారాబెన్ ఉందనుకుందాం. అంటే రోజుకి 16 మిల్లీగ్రాములు చర్మం మీద. అందులో కొంతే లోపలికి వెళ్తుంది. వెళ్లింది చాలావరకు చర్మంలో, లివర్‌లో విరిగిపోయి మూత్రంలో పోతుంది. ఇక తిండి ద్వారా రోజూ జీవితాంతం తిన్నా ఫరవాలేదని యూరప్ ఆహార భద్రత సంస్థ 2004లో మిథైల్, ఇథైల్ పారాబెన్లకి పెట్టిన హద్దు, కిలో బరువుకి 10 మిల్లీగ్రాములు. 50 కిలోల అమ్మాయికి 500 మిల్లీగ్రాములు. 16 ఎక్కడ, 500 ఎక్కడ! ప్రొపైల్‌కి మాత్రం అలాంటి హద్దు ఇవ్వలేమని అదే సంస్థ అంది, తర్వాత యూరప్‌లో తిండి పదార్థాల్లోంచి తీసేశారు. కాబట్టి లేబుల్ మీద మిథైల్ ఒక్కటే ఉంటే నిద్ర మానుకోవాల్సిన పని లేదు. చంటిబిడ్డ డయాపర్ క్రీములో బ్యుటైల్ ఉంటే వేరేది కొనుక్కోవచ్చు. ఈ రెంటి మధ్య ఉన్న తేడా 'పారాబెన్ ఫ్రీ' అన్న ముద్రలో కనపడదు.

ఇంకో వింత. అలర్జీల విషయానికి వస్తే పారాబెన్లు చాలా మర్యాదస్తులు. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ అని చర్మ వైద్యుల సంఘం ఉంది. ఏటా ఒక పదార్థాన్ని 'ఈ ఏటి అలర్జీ కారకం' అని ప్రకటిస్తారు. 2019లో వాళ్లు తమాషాగా పారాబెన్లకి 'ఈ ఏటి అలర్జీ కారకం కానిది' అని బిరుదు ఇచ్చారు. ఇంత తక్కువ మందికి పడని ప్రిజర్వేటివ్ దొరకడం కష్టం, దీన్ని చూసి భయపడకండి అని చెప్పడానికి.

మరి పారాబెన్ తీసేశాక ఆ స్థానంలో ఏదో ఒకటి వెయ్యాలి కదా! చాలా కంపెనీలు వేసింది మిథైల్ ఐసోథయాజోలినోన్. పేరు పలకడానికే నోరు తిరగదు, క్లుప్తంగా ఎంఐ అందాం. 2005 నుంచి యూరప్‌లో దీన్ని ఒంటరిగా కాస్మెటిక్స్‌లో వాడనిచ్చారు. తడి వైప్స్, క్రీములు, షాంపూలు, అన్నింట్లోకీ వచ్చేసింది. పారాబెన్ మీద జనం భయం అందుకు ఒక కారణం. కొన్నేళ్లకి చర్మ వైద్యుల దగ్గర క్యూలు. చేతులకి, మొహానికి, వైప్స్ వాడిన పసివాళ్లకి దద్దుర్లు. 2013లో అదే సంఘం అదే బిరుదుని, ఈసారి సీరియస్‌గానే, ఎంఐకి ఇచ్చింది. 2017లో యూరప్ ఒంటి మీద ఉంచేసే క్రీముల్లో దాన్ని నిషేధించింది. కడిగేసేవాటిలో పదిలక్షల్లో 15 పాళ్లకి కుదించింది. లేని ప్రమాదానికి భయపడి, ఉన్న ప్రమాదాన్ని ఇంటికి తెచ్చుకోవడమంటే ఇదే. మన దగ్గర షాంపూ, గిన్నెలు తోమే లిక్విడ్ సీసాల వెనక ఆ పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. మీ చేతివేళ్ల మధ్య దురద మానడం లేదంటే క్రీము కన్నా ముందు సింకు దగ్గరి సీసా వెనక చదవండి.

థాలేట్ల కథలో ఆధారం ఎక్కువే ఉంది. కాకపోతే అది సీసా మీద చూపించే చోట లేదు. థాలేట్లన్నీ ఒకటి కావు. ప్లాస్టిక్‌ని మెత్తగా, వంగేలా చేసే డీఈహెచ్‌పీ ఒకటి. ఒకప్పుడు గోళ్ల రంగు పెచ్చులుగా ఊడకుండా కలిపిన డీబీపీ ఇంకొకటి. ఈ రెండూ మగ పిండం ఎదుగుదలని దెబ్బతీస్తాయని ఎలుకల్లో బలమైన రుజువులున్నాయి, టెస్టోస్టెరాన్ తయారీని తగ్గిస్తాయి. మనుషుల్లో కూడా, 2015లో అమెరికాలో ఏడు వందలమందికి పైగా పసివాళ్లని చూసిన ఒక అధ్యయనంలో, తల్లి గర్భం తొలి నెలల్లో డీఈహెచ్‌పీ ఎక్కువున్న మగపిల్లల్లో చిన్నపాటి తేడాలు కనిపించాయి. అందుకే యూరప్ ఈ రెంటినీ 2004లోనే కాస్మెటిక్స్ నుంచి బయటికి పంపింది. గోళ్ల రంగు మీద 'త్రీ ఫ్రీ' అని ఉంటే ఆ మూడింట్లో డీబీపీ ఒకటి. ఆ మాటకి అర్థం ఉంది. కానీ డీఈహెచ్‌పీ మన ఒంట్లోకి ఎక్కువగా వచ్చేది క్రీముల నుంచి కాదు, తిండి నుంచి. నూనె తేలే వేడి కూర మెత్తటి ప్లాస్టిక్ కవర్లో పార్సిల్ కట్టించుకోవడం గుర్తుందా? అది.

కాస్మెటిక్స్‌లో ఇప్పుడు మిగిలింది ఎక్కువగా డీఈపీ. సెంటు వాసన త్వరగా ఎగిరిపోకుండా, నూనెలు బాగా కలిసేలా వాడేది. పెర్ఫ్యూముల్లో, చవక అత్తర్లలో, అగరొత్తుల సెంటులో కూడా కలుపుతారు. (అగరొత్తి దగ్గర అసలు భయపడాల్సింది పొగకి, డీఈపీకి కాదు. అది ఇంకో వారం.) పైన చెప్పిన రెండింటిలా డీఈపీ మగ పిండాన్ని దెబ్బతీస్తుందని జంతువుల్లో కనిపించలేదు. కానీ లోపలికి వెళ్తుంది, అందులో అనుమానం లేదు. 2016లో కాలిఫోర్నియాలో వందమంది టీనేజీ అమ్మాయిలకి మూడు రోజులపాటు వాళ్ల వస్తువులు ఆపించి, ఈ పదార్థాలు లేవని రాసి ఉన్నవి ఇచ్చారు. మూత్రంలో డీఈపీ గుర్తు 27 శాతం తగ్గింది. మూడు రోజుల్లోనే! అంటే లోపల పేరుకుపోయేది కాదు, వాడితే వస్తుంది, మానితే పోతుంది. 'ఒంట్లో చేరిన కెమికల్స్ బయటికొస్తున్నాయి' అన్న కస్టమర్ కేర్ కథ ఇక్కడా నిలబడదు, అవి వెళ్లేది మూత్రంలో, దద్దుర్లలో కాదు. అదే అధ్యయనంలో ఇంకో కొసమెరుపు ఉంది. పారాబెన్ లేవని రాసిన వస్తువులు ఇచ్చినా, రెండు రకాల పారాబెన్లు కాస్త పెరిగాయి. లేబుల్ మీద నమ్మకం ఎంత ఉంచాలో మీరే అనుకోండి.

డీఈపీని లేబుల్‌లో వెతికితే దొరకడం అరుదు. 'పర్ఫ్యూమ్' లేదా 'ఫ్రాగ్రెన్స్' అన్న ఒక్క మాట కింద దాక్కుంటుంది. గర్భంతో ఉన్నవాళ్లు, బిడ్డ కోసం చూస్తున్నవాళ్లు జాగ్రత్త పడాలనుకుంటే, సువాసన లేని క్రీము ఎంచుకోవడం, వేడి తిండిని స్టీలు డబ్బాలో తెచ్చుకోవడం, రెండే చాలు. వాసనే లేని క్రీము మీద 'థాలేట్ ఫ్రీ' అని రాసి వంద రూపాయలు ఎక్కువ తీసుకోవడం మాత్రం, టెంకలేని అరటిపండు అని అమ్మడం లాంటిది.

ఇప్పుడు మన అమ్మాయి మెడ దగ్గరికి వద్దాం. ఆమె పంపిన ఫొటోలో కొత్త క్రీము వెనక పదార్థాల జాబితా ఉంది. పారాబెన్ లేదు, నిజమే. నారింజ తొక్క నూనె ఉంది, లావెండర్ నూనె ఉంది, య్లాంగ్‌య్లాంగ్ పూల నూనె ఉంది. చివర్లో లిమోనీన్, లినలూల్, జెరానియాల్ అని పేర్లు. పాత 180 రూపాయల క్రీములో ఇవేవీ లేవు, మిథైల్‌పారాబెన్, ప్రొపైల్‌పారాబెన్, కొద్దిగా సెంటు. అంటే ఆమె అలర్జీలో మర్యాదస్తుణ్ని బయటికి పంపి, తగువులమారుల్ని లోపలికి పిలిచింది. దానికి తోడు, అదే మెడ మీద రోజూ బాడీ మిస్ట్ కూడా కొట్టుకుంటోందట.

ఈ మూడింట్లో అత్యధిక జనానికి, నిజంగా, కంటికి కనపడేలా ఇబ్బంది కలిగించేది సువాసనే. యూరప్ శాస్త్రవేత్తల అంచనాలో మామూలు జనంలో నూటికి 1 నుంచి 3 మందికి ఏదో ఒక సువాసన పదార్థం పడదు. 2003లో అక్కడ 26 సువాసన పదార్థాలకి చట్టం చేశారు, కడగకుండా ఉంచేసే క్రీములో పదిలక్షల్లో 10 పాళ్లు దాటితే పేరు విడిగా రాయాల్సిందే. 2023లో ఆ జాబితాని 80కి పైగా పెంచారు. ఆ జాబితాలో చాలావరకు మొక్కల నూనెల్లో సహజంగా ఉండేవే.

ఒక చిన్న మెలిక తెలుసుకుంటే మీ డ్రెస్సింగ్ టేబుల్ మీద ఏది పారేయాలో అర్థమవుతుంది. నారింజ తొక్క నూనెలో 90 శాతానికి పైగా లిమోనీన్. మామిడి సొన వాసనకి కారణమైన పదార్థాలు కూడా ఈ కుటుంబంవే. తాజా లిమోనీన్ అలర్జీ తెచ్చేది చాలా తక్కువ. కానీ మూత తీసిన ప్రతిసారీ గాలిలోని ఆక్సిజన్ దాన్ని తాకుతుంది, నెమ్మదిగా అది హైడ్రోపెరాక్సైడ్లుగా మారుతుంది. అలర్జీ తెచ్చేది అవి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు ఏళ్ల తరబడి తవ్వి తీసిన విషయమిది. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో పలు దేశాల చర్మ క్లినిక్కుల్లో 2,900 మంది రోగులకి ఇలా గాలి పట్టిన లిమోనీన్‌తో పరీక్ష చేస్తే, సుమారు 5 శాతం మందికి స్పందన వచ్చింది. వాళ్లంతా అప్పటికే చర్మ సమస్యతో వచ్చినవాళ్లని గుర్తుంచుకోండి, ఊళ్లో అందరి లెక్క కాదు. లినలూల్‌ది కూడా ఇదే దారి. కాబట్టి మూత వదులైపోయిన, రెండు వేసవులు కిటికీలో ఎండిన లావెండర్ నూనె సీసా, కొత్త సీసా ఒకటి కావు. నూనె చిక్కబడినా, వాసన మారినా తీసిపారేయండి.

అలర్జీ ఎప్పుడొస్తుందన్నదీ జనాన్ని తికమక పెడుతుంది. మొదటి రోజు రాదు. శరీరం ముందు ఆ పదార్థాన్ని గుర్తుపట్టి నేర్చుకోవాలి, దానికి రోజులో, వారాలో, ఒక్కోసారి ఏళ్లో పడతాయి. ఒకసారి నేర్చుకుందా, ఇక మరిచిపోదు. ఆ తర్వాత తగిలిన ప్రతిసారీ ఒకటి నుంచి మూడు రోజుల్లో దురద, ఎరుపు. 'రెండేళ్లుగా ఇదే సెంటు కొడుతున్నా, దీనివల్ల అయ్యుండదు' అన్న వాదన అందుకే చెల్లదు. రాసిన పది నిమిషాలకే చురుక్కుమని, కడిగితే తగ్గిపోతే అది ఎక్కువగా మంటే, అలర్జీ కాదు. సొన కంట్లో పడినట్టు.

ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇదీ. దద్దురు ఉన్నన్నాళ్లూ మెడ మీద క్రీము లేదు, మిస్ట్ లేదు, వాసన సబ్బు లేదు. కావాలంటే ఉత్త పెట్రోలియం జెల్లీ. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే, స్టెరాయిడ్ కలిసిన తెల్ల ట్యూబులు సొంతంగా వద్దు. రెండ్రోజుల్లో తగ్గినట్టే ఉంటుంది, ఆపగానే తిరిగొస్తుంది, నెలలు వాడితే మెడ చర్మం పల్చబడుతుంది. రెండు వారాలకి చర్మం మామూలైతే, అప్పుడు ఒక ఇంటి పరీక్ష. మోచేతి మడత లోపల రూపాయి నాణెం రెండింతలంత చోట, అనుమానం ఉన్న క్రీము రోజుకి రెండుసార్లు, రెండు వారాలదాకా రాయాలి, కడగకూడదు. ఒకేసారి ఒకే వస్తువు. దురద, ఎరుపు మొదలైతే అక్కడితో ఆపాలి, దొంగ దొరికినట్టే. రెండు వారాలూ ఏమీ రాకపోతే అది కాదనుకోవచ్చు. ఫేస్‌వాష్, షాంపూ లాంటి కడిగేసేవాటిని ఇలా చేయొద్దు, వాటిని చర్మం మీద ఉంచితే ఎవరికైనా మండుతుంది. దద్దుర్లు మొహమంతా పాకినా, కళ్లు వాచినా ఈ ప్రయోగాలు పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికే.

ఖాయంగా తేలాలంటే ప్యాచ్ టెస్ట్. నూజివీడు నుంచి విజయవాడో ఏలూరో వెళ్లాల్సి రావచ్చు, ముందు ఫోన్ చేసి ప్యాచ్ టెస్ట్ చేస్తారా అని కనుక్కోండి, చర్మ వైద్యులందరూ చెయ్యరు. వీపు మీద చిన్న చిన్న బిళ్లల్లో ఒక్కో పదార్థం పెట్టి టేపుతో అతికిస్తారు. రెండు రోజులు ఉంచి తీసి చూస్తారు, నాలుగో రోజు మళ్లీ చూస్తారు. ఆ రెండో చూపు కోసం మళ్లీ వెళ్లాల్సిందే, కొన్ని అలర్జీలు అప్పుడే బయటపడతాయి. ఆ రోజుల్లో వీపు తడవకూడదు. మామిడి కోతల కాలంలో మన చెమటకి టేపులు ఊడిపోతాయి, తొందర లేకపోతే చలికాలానికి పెట్టుకోవడం నయం. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే, వీపు మీద క్రీము రాస్తుంటే ముందే చెప్పాలి, ఫలితం తప్పొస్తుంది.

మన దేశంలో వాడే ప్రామాణిక పరీక్ష సెట్‌లో సువాసనల మిశ్రమం ఒకటి, పారాబెన్ల మిశ్రమం ఒకటి రెండూ ఉంటాయి. కాబట్టి ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు ఆమె వీపు మీదే వచ్చేస్తుంది. ఒక్క షరతు. ఆ సువాసనల మిశ్రమంలో ఉండేవి ఎనిమిదే, లవంగం వాసనిచ్చే యూజినాల్, దాల్చిన చెక్క వాసనిచ్చే సిన్నమాల్ లాంటివి. లిమోనీన్, లినలూల్ అందులో ఉండవు. అందుకని పరీక్షకి వెళ్లేటప్పుడు వాడే సీసాలన్నీ సంచిలో వేసుకెళ్లాలి, క్రీము, మిస్ట్, తలనూనె, సబ్బు, అమ్మ వాడే సెంటు పౌడరుతో సహా. సొంత క్రీముని కూడా వీపు మీద పెట్టి చూస్తారు.

పాజిటివ్ వచ్చిన పేర్లని ఫోన్‌లో నోట్ చేసి పెట్టుకోండి, కొనే ముందు లేబుల్‌తో సరిచూడటానికి. ఫ్రాగ్రెన్స్ ఫ్రీ, అన్‌సెంటెడ్ రెండూ ఒకటి కావని కూడా రాసుకోండి. అన్‌సెంటెడ్ అన్నదాంట్లో అసలు వాసనని కప్పడానికి ఇంకో సువాసన కలిపి ఉండొచ్చు. ఇంటి దగ్గర తోటలో సొన వల్ల దద్దుర్లు వచ్చేవాళ్లుంటే, అది వేరే అలర్జీ, సువాసనల పరీక్షతో దానికి సంబంధం లేదు. వాళ్లకి పొడుగు చేతుల చొక్కా, గ్లవ్స్, సొన పడిన వెంటనే సబ్బుతో కడుక్కోవడం. వాసన లేని సబ్బుతో అయితే మరీ మంచిది.